నాన్న పేరు మీది ఎకరం అమ్మితే పన్నెంత?

వారసత్వంగా వచ్చిన భూమిని అమ్మేవాళ్ల దగ్గర రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ‘మా నాన్న ఇచ్చిన భూమికి పన్నేమిటి, మేం వ్యాపారం చేశామా?’ అనేది ఒకటి. ‘మాకు ఊరికే వచ్చింది కాబట్టి అమ్మిన సొమ్మంతా లాభమేనట, దాని మీద మొత్తం పన్ను కట్టాలట’ అనేది రెండోది. రెండూ నిజం కాదు. మొదటి మాట నమ్మినవాళ్లకు రెండు మూడేళ్ల తర్వాత నోటీసు వస్తుంది. రెండోది నమ్మినవాళ్లు కట్టనక్కర్లేని పన్ను కట్టేస్తారు, లేదా ఆ భయంతో దస్తావేజులో ధర తగ్గించి రాయించుకుని మరో చిక్కులో పడతారు.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. తండ్రి చనిపోయి భూమి పిల్లలకు వచ్చినప్పుడు ఆదాయపు పన్ను లేదు. వీలునామా రాసి ఇచ్చినా, రాయకుండా పోయినా అంతే. మన దేశంలో ఒకప్పుడు ఎస్టేట్ డ్యూటీ అనే వారసత్వ పన్ను ఉండేది, దాన్ని 1985లో తీసేశారు. పన్ను ప్రశ్న ఆ భూమిని వారసులు అమ్మిన రోజునే పుడుతుంది. అప్పుడు కూడా పన్ను అమ్మిన సొమ్ము మీద కాదు, లాభం మీద. లాభం తేలాలంటే కొన్న ధర కావాలి. వారసుడు కొనలేదు కదా, మరి కొన్న ధర ఏది?

దీనికి చట్టం ఇచ్చిన జవాబులో న్యాయం ఉంది. ఆ భూమిని ఎవరు డబ్బు పెట్టి కొన్నారో వాళ్ల దాకా వెనక్కి వెళ్లమంటుంది. నాన్న కొంటే నాన్న పెట్టిన ధరే మీ ధర. తాత కొని, నాన్నకు వచ్చి, మీకు వచ్చిందా? తాత పెట్టిన ధరే మీ ధర. ధరతో పాటు కాలం కూడా ఆయన కొన్న రోజు నుంచే లెక్క. భూమిని 24 నెలలకు మించి ఉంచుకుని అమ్మితే దీర్ఘకాలిక లాభం అంటారు, దానికి పన్ను రేటు తక్కువ. నాన్న పోయిన ఆరు నెలలకే అమ్మినా, ఆయన ముప్ఫై ఏళ్ల కిందట కొని ఉంటే అది దీర్ఘకాలికమే అవుతుంది.

ఒక కుటుంబం లెక్కతో దీన్ని విప్పి చూద్దాం. కుటుంబం ఊహించినదే కానీ, నియమాలు 2025-26 ఆర్థిక సంవత్సరానికి నిజంగా వర్తించేవి. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో తండ్రి 1984లో ఎకరం కొన్నాడు, దస్తావేజు ధర 18,000 రూపాయలు. 2012లో వీలునామా రాయకుండా చనిపోయాడు. తల్లి అంతకు ముందే పోయింది. మిగిలింది కొడుకు, కూతురు. కొడుకు ఒంగోలులోనే చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. కూతురు పెళ్లయి అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడింది. 2025 సెప్టెంబరు ఆఖర్లో ఇద్దరూ కలిసి ఆ ఎకరం కోటి రూపాయలకు అమ్మారు. బ్రోకరుకు లక్ష ఇచ్చారు.

అది పల్లె భూమేనా?

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. పల్లెలోని వ్యవసాయ భూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగానే చూడదు. అందుకే ఎంత లాభం వచ్చినా పన్ను లేదు. అయితే చట్టం దృష్టిలో పల్లె అంటే పంచాయతీ బోర్డు ఉన్న ప్రతి ఊరూ కాదు. దగ్గర్లోని మున్సిపాలిటీ ఎంత పెద్దది, దాని పొలిమేర నుంచి భూమి ఎంత దూరం అన్న రెండింటినీ బట్టి అది తేలుతుంది.

మున్సిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్ష లోపు ఉంటే, బాపట్ల లాంటి చోట్ల, దాని హద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు భూమి పట్టణ భూమి కిందికి వస్తుంది. జనాభా లక్ష నుంచి పది లక్షల మధ్య ఉంటే, అంటే ఒంగోలు, గుంటూరు లాంటి చోట్ల, ఆ దూరం 6 కిలోమీటర్లు. పది లక్షలు దాటిన హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాలకు 8 కిలోమీటర్లు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి మన కుటుంబం అమ్మిన నాటికి 2011 లెక్కలే ఆధారం.

ఇక్కడ ఎక్కువ మంది తప్పు చేసేది దూరం కొలిచే దగ్గర. మన కుటుంబానికి బ్రోకరు ‘ఊరు ఒంగోలుకు ఏడు కిలోమీటర్లు, మీకు పన్ను లేదు’ అని ధైర్యం చెప్పాడు. ఏడు కిలోమీటర్ల మాట నిజమే, కానీ అది రోడ్డు మీద, బస్టాండు నుంచి. చట్టం చెప్పే దూరం సూటి గీత దూరం, అదీ ఊరి నడిమధ్య నుంచి కాదు, మున్సిపల్ హద్దు నుంచి. అలా కొలిస్తే వాళ్ల భూమి 4 కిలోమీటర్లే. 2013 ఫైనాన్స్ చట్టం ఈ సూటి గీత కొలతను చట్టంలో స్పష్టంగా రాసింది. అంతకు ముందు రోడ్డు దూరమే లెక్క అని కోర్టుల్లో గెలిచినవాళ్లు ఉన్నారు. ఆ పాత తీర్పులు చూపించి ఇప్పుడు ధైర్యం చెప్పేవాళ్లను నమ్మకూడదు.

ఇంకో సంగతి. హద్దు అమ్మే రోజున ఎక్కడుందో అదే లెక్క. తండ్రి కొన్ననాడు చుట్టూ పొలాలే ఉండి ఉండవచ్చు. చుట్టుపక్కల పల్లెల్ని మున్సిపాలిటీలో కలిపేశాక గీత జరిగిపోతుంది. ఒక విలీనం ఉత్తర్వు వల్ల నిన్నటిదాకా పన్ను లేని భూమి ఇవాళ పన్ను పరిధిలోకి రావచ్చు.

భూమి ఎంత దూరంలో ఉన్నా అది వ్యవసాయ భూమి అయి ఉండాలన్నది మరో షరతు. అమ్మే ముందు వ్యవసాయేతర భూమిగా మార్పిడి చేయించి, ప్లాట్లు వేసి అమ్మితే పల్లె మినహాయింపు దొరకదు. నిజంగా సాగు ఉందని చూపడానికి ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, తెలంగాణలో పహాణీ కావాలి. దూరం, జనాభాల మీద తహసీల్దారు నుంచి ధ్రువపత్రం తీసుకుంటే ఇంకా మంచిది. పన్ను లేదనుకునేవాళ్లే ఈ కాగితాలను ఎక్కువ జాగ్రత్తగా దాచుకోవాలి. బ్యాంకులో పెద్ద సొమ్ము పడినప్పుడు శాఖ అడిగేది వాళ్లనే.

మన కుటుంబం భూమి 6 కిలోమీటర్ల గీత లోపలే ఉంది. కాబట్టి లెక్క వేయాల్సిందే.

2001 ఏప్రిల్ 1 నాటి విలువ

తండ్రి పెట్టిన 18,000నే ధరగా తీసుకుంటే దాదాపు కోటి రూపాయలూ లాభంలో పడతాయి. నలభై ఏళ్ల కిందటి రూపాయి, ఇప్పటి రూపాయి ఒకటి కాదు. అందుకే 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. అసలు కొన్న ధర బదులు ఆ రోజున భూమికి ఉన్న మార్కెట్ విలువను ధరగా తీసుకోవచ్చు. రెండింటిలో ఏది మీకు మేలైతే అది.

ఈ విలువకు ఒక పైకప్పు ఉంది. రిజిస్టర్డ్ వాల్యూయర్ ఎంత వేసినా, ఆ రోజు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం లెక్కలో ఉన్న ప్రభుత్వ విలువను దాటకూడదు. 2020 ఫైనాన్స్ చట్టం తెచ్చిన నియమమిది. అంతకు ముందు వాల్యూయర్ రిపోర్టులో ఎంత రాస్తే అంత పెట్టుకునేవారు. ఇప్పుడు అలా పెడితే తేడా మీద పన్ను, వడ్డీ మీ నెత్తిన పడతాయి.

కాబట్టి అమ్మకం మాట అనుకోగానే మొదట వెళ్లవలసింది ఆ భూమి ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడికి. సర్వే నంబరు చెప్పి, 2001 ఏప్రిల్ 1 నాటికి ఆ ఊళ్లో ఎకరానికి ఉన్న ప్రభుత్వ మార్కెట్ విలువకు ధ్రువపత్రం కావాలని దరఖాస్తు పెట్టాలి. ఇంటర్నెట్‌లో కనిపించే విలువలు ఇప్పటివి, పాతవాటికి కార్యాలయంలోని రిజిస్టర్లే దిక్కు. ఊళ్ల పేర్లు, మండలాలు, సర్వే నంబర్ల ఉపవిభజనలు మారి ఉంటాయి కాబట్టి తండ్రి దస్తావేజు నకలు, ఈసీ పట్టుకెళ్లాలి. దీనికి రోజులు పట్టవచ్చు. రిటర్ను గడువు వారంలో ఉందనగా మొదలుపెట్టే పని కాదు.

మన కుటుంబానికి ఎకరానికి 6 లక్షలు అని ధ్రువపత్రం వచ్చిందనుకుందాం. ఇద్దరికీ చెరి సగం కాబట్టి ఒక్కొక్కరి ధర 3 లక్షలు. 2001 తర్వాత బోరు వేయించినా, చదును చేయించినా, కంచె కట్టించినా ఆ ఖర్చూ కలుపుకోవచ్చు, రుజువులుంటే. వీళ్ల దగ్గర బిల్లులేమీ లేవు.

ఎకరం ఒకటే అయినా పన్ను లెక్కలు రెండు. తండ్రి ఆస్తి పిల్లల చేతికి వచ్చాక ఎవరి వాటా వారిది, ఎవరి రిటర్ను వారిది. సొమ్మంతా అన్న ఖాతాలో వేయించుకుని, ఆయన చెల్లెలికి తర్వాత పంపిస్తే శాఖ రికార్డుల్లో మొత్తం అమ్మకం ఆయనదిగా కనిపిస్తుంది. కొనేవాడి చేత ఎవరి వాటా వారి ఖాతాలో వేయించాలి. దస్తావేజులో ఇద్దరి పాన్ నంబర్లూ ఉండాలి.

రెండు దారుల లెక్క

2024 జూలై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. అంతకు ముందు 20 శాతం ఉండేది కానీ, పాత ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచుకోనిచ్చేవారు. సూచీ తీసేస్తున్నామని బడ్జెట్‌లో ప్రకటించగానే పాత ఆస్తులున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. దాంతో అదే చట్టంలో ఒక సవరణ చేశారు. భారత్‌లో నివాసి అయిన వ్యక్తి, ఆ తేదీకి ముందే తనకు వచ్చిన భూమిని అమ్మితే రెండు పద్ధతుల్లోనూ పన్ను లెక్కవేసి, తక్కువ వచ్చినదే కట్టవచ్చు.

అన్న వాటాకు రెండూ వేసి చూద్దాం. వాటా 50 లక్షలు. అందులో బ్రోకరుకు ఇచ్చిన దానిలో సగం 50 వేలు పోతే 49,50,000.

కొత్త పద్ధతిలో ధర 3 లక్షలు తీసేస్తే లాభం 46,50,000. దాని మీద 12.5 శాతం 5,81,250.

పాత పద్ధతిలో 3 లక్షల ధరను సూచీతో పెంచాలి. 2001-02 సూచీ 100, 2025-26 సూచీ 376. అంటే ధర 11,28,000 అవుతుంది. లాభం 38,22,000. దాని మీద 20 శాతం 7,64,400.

లాభం తగ్గింది కానీ పన్ను పెరిగింది. అన్నకు కొత్త పద్ధతే మేలు. అందరికీ ఇదే మేలని చెప్పడానికి లేదు. 2025-26 సూచీతో లెక్కిస్తే గీత ఎనిమిది రెట్లకు కాస్త పైన ఉంది. 2001 విలువకు అమ్మిన ధర ఎనిమిది రెట్ల లోపు ఉంటే పాత పద్ధతి, దాదాపు ఎనిమిదిన్నర రెట్లు దాటితే కొత్త పద్ధతి లాభం. వీళ్ల భూమి పదహారు రెట్లకు పైగా పెరిగింది. ఊరి శివార్లలో పొలాలు ఇలాగే పెరిగాయి. పట్టణం మధ్యలో 2001 నాటికే ఖరీదైన ఇళ్ల స్థలాల సంగతి వేరు. ఆనాడు 6 లక్షల విలువ ఉన్న స్థలం ఇప్పుడు 40 లక్షలకు అమ్మితే కొత్త పద్ధతిలో పన్ను 4,25,000, పాత పద్ధతిలో 3,48,800. డెబ్బై ఆరు వేలు తేడా.

ఈ రెండో సందర్భంలో ఒక వివాదం ఉంది, తెలిసి ఉండడం మంచిది. సూచీని ఏ సంవత్సరం నుంచి లెక్కించాలి? వారసుడి చేతికి వచ్చిన సంవత్సరం నుంచి అన్నట్టుగా చట్టం మాటలు ఉంటాయి. తండ్రి పోయిన 2012-13 సూచీ 200. దాన్ని తీసుకుంటే 6 లక్షలు 22,56,000 కాకుండా 11,28,000 దగ్గరే ఆగిపోతుంది, పాత పద్ధతి లాభం మొత్తం ఆవిరవుతుంది. 2011లో బొంబాయి హైకోర్టు మంజులా షా కేసులో, కాలాన్ని మొదటి యజమాని నుంచి లెక్కిస్తున్నప్పుడు సూచీనీ ఆయన నుంచే లెక్కించాలని చెప్పింది. అది బహుమతిగా వచ్చిన ఆస్తి కేసు, కానీ వారసత్వానికీ అదే తర్కం. మీ లెక్క ఈ సూచీ మీదే ఆధారపడి ఉంటే, ఆ తీర్పు తెలిసిన ఆడిటరు చేత రిటర్ను వేయించండి.

మళ్లీ అన్న దగ్గరికి వద్దాం. ఆయన ఉద్యోగం ఆదాయం మినహాయింపులు పోగా రెండున్నర లక్షలు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆ పరిమితిలో మిగిలిపోయిన లక్షన్నరను నివాసి అయినవాడు భూమి లాభం లోంచి తీసేసుకోవచ్చు. అప్పుడు పన్ను పడే లాభం 45 లక్షలు, పన్ను 5,62,500, దాని మీద 4 శాతం సెస్సు 22,500. మొత్తం 5,85,000. పన్నెండు లక్షల దాకా పన్ను లేదన్న ప్రచారం విని ఇక్కడ కూడా ఆ రిబేటు ఆశించేవాళ్లున్నారు. ప్రత్యేక రేటు పడే ఈ లాభానికి కొత్త విధానంలో అది వర్తించదు.

చెల్లెలి లెక్క ఎందుకు వేరు

అదే పొలం, అదే వాటా, అదే ధర. అయినా చెల్లెలి లెక్క వేరు, ఎందుకంటే ఆమె నివాసి కాదు. రెండు పద్ధతుల్లో మేలైనది ఎంచుకునే వీలు ఆమెకు లేదు, 12.5 శాతమే. 4 లక్షల పరిమితిలో మిగిలినది తీసేసుకునే వీలూ లేదు. సెస్సుతో కలిపి ఆమె పన్ను 6,04,500.

అసలు ఇబ్బంది పన్నులో కాదు, కొనేవాడు ముందే పట్టుకునే టీడీఎస్‌లో ఉంది. పట్టణ భూమి ధర మొత్తం 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవాడు నివాసికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం పట్టుకోవాలి. వాటాలు విడివిడిగా చూడరు, మొత్తం అమ్మకం చూస్తారు. అన్నకు పట్టేది 50 వేలు. నివాసి కానివారికి ఒక శాతం నియమం వర్తించదు. లాభం ఎంతో కొనేవాడికి తెలియదు కాబట్టి, చేతిలో అధికారిక సర్టిఫికెట్ లేకపోతే మొత్తం 50 లక్షల మీద సెస్సుతో కలిపి 13 శాతం, అంటే 6,50,000 పట్టుకోవడమే ఆనవాయితీ. ఆమె ఏ బాండ్లలోనో పెట్టి పన్ను సున్నా చేసుకుందామనుకున్నా, ఈ సొమ్ము రిటర్ను వేసి రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతుంది. దీనికి మందు ఫారం 13. రిజిస్ట్రేషనుకు చాలా ముందే లాభం లెక్క, 2001 విలువ పత్రం జతచేసి శాఖకు దరఖాస్తు పెడితే, ఎంత పట్టాలో అధికారే సర్టిఫికెట్ ఇస్తారు. అమ్మకం అయ్యాక ఈ దారి మూసుకుపోతుంది.

కొనేవాళ్లు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తారు. ఇద్దరూ అన్నాచెల్లెళ్లే కదా అని ఇద్దరికీ ఒక శాతమే పట్టి, తర్వాత మిగతా పన్ను, వడ్డీ తమ జేబులోంచి కట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. అమ్మేవాళ్లలో విదేశాల్లో ఉన్నవాళ్లుంటే అగ్రిమెంటు రోజే ఆ సంగతి చెప్పాలి.

విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు, కొనకూడదు. అమ్మితే ఇక్కడ నివసించే భారతీయ పౌరుడికే అమ్మాలి. సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా, పన్ను కట్టినట్టు 15సీఏ, 15సీబీ పత్రాలతో బయటికి పంపుకోవచ్చు. అమెరికాలోనూ ఆమె ఈ అమ్మకం చూపాలి. అయితే అక్కడి లెక్కలో కొన్న ధర అంటే తండ్రి చనిపోయిన నాటి మార్కెట్ విలువ, అంటే 2012ది. అందుకే రెండు దేశాల్లో లాభం రెండు రకాలుగా వస్తుంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ అడగవచ్చు.

దస్తావేజులో రాసే ధర

ప్రభుత్వ విలువ కంటే తక్కువకు అమ్మినట్టు రాస్తే ఏమవుతుంది? తేడా పది శాతం లోపయితే ఏమీ కాదు. మన ఎకరానికి ప్రభుత్వ విలువ 1.08 కోట్లు ఉన్నా కోటినే అమ్మకం ధరగా ఒప్పుకుంటారు. అదే 1.15 కోట్లు ఉంటే, మీ చేతికి కోటే వచ్చినా 1.15 కోట్లకు అమ్మినట్టే లాభం లెక్కిస్తారు. నిజంగానే తక్కువకు అమ్మాల్సి వస్తే, ఆ భూమికి వివాదమో దారి లేకపోవడమో కారణమైతే, శాఖ వాల్యూయర్‌కు పంపమని అడిగే హక్కు మీకుంది.

నగదు గురించి ఒక్క మాట, అదీ గట్టిగా చెబుతున్నాను. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం నిషేధం. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా. పన్ను మిగులుతుందని నలభై లక్షలు నగదుగా తీసుకున్నవాళ్లు ఈ నియమం గురించి ఎవరూ చెప్పలేదంటారు. పైగా ఆ సొమ్ముతో ఇల్లు కట్టి మినహాయింపు అడిగే దారి కూడా ఉండదు.

ఇల్లు కట్టుకుంటే

అన్న ఒంగోలులో ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. సొంత ఇల్లు లేదు. భూమి అమ్మిన సొమ్ముతో ఇల్లు కొన్నా కట్టుకున్నా 54ఎఫ్ సెక్షన్ కింద లాభం మీద పన్ను మాఫీ. అమ్మకానికి ఏడాది ముందు గానీ, రెండేళ్ల లోపు గానీ కొనాలి. కట్టుకునేదైతే మూడేళ్లలో పూర్తికావాలి. అమ్మే రోజుకు ఈ కొత్తది కాక ఒకటికి మించి ఇళ్లు ఉండకూడదు. ఆ ఇంటిని మూడేళ్ల దాకా అమ్మకూడదు.

ఇక్కడ చాలామంది లాభాన్ని పెడితే చాలనుకుంటారు. పూర్తి మాఫీ కావాలంటే ఖర్చులు పోగా చేతికి వచ్చిన సొమ్మంతా, అంటే 49,50,000 ఇంటికి పెట్టాలి. కొంతే పెడితే ఆ నిష్పత్తిలోనే మాఫీ. అన్న 33 లక్షలతో ఇల్లు కట్టుకుంటే, అది 49,50,000లో మూడింట రెండు వంతులు. లాభంలోనూ మూడింట రెండు వంతులు, అంటే 31 లక్షలు మాఫీ. మిగిలే 15,50,000 లోంచి ఆ లక్షన్నర పరిమితి తీసేస్తే 14 లక్షలు. పన్ను 1,75,000, సెస్సు 7,000. మొత్తం 1,82,000. అందులో 50 వేలు టీడీఎస్‌గా ముందే జమయింది.

రిటర్ను గడువు 2026 జూలై 31 నాటికి ఇల్లు పూర్తికాకపోతే, ఖర్చుపెట్టని సొమ్మును ఆలోపే బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్ ఖాతాలో వేయాలి. మామూలు పొదుపు ఖాతాలో, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచితే కుదరదు. మినహాయింపులు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. డబ్బు భద్రంగా ఉంది, ఇల్లూ లేస్తోంది, కానీ ఖాతా పేరు వేరు. గడువు దాటాక సరిదిద్దుకోవడం చాలా కష్టం.

ఇల్లు అక్కర్లేని చెల్లెలికి 54ఈసీ బాండ్లు సరిపోతాయి. ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి సంస్థలు ఇస్తాయి. అమ్మిన ఆరు నెలల్లో కొనాలి, 50 లక్షలు మించకూడదు, ఐదేళ్లు తీయకూడదు. ఇందులో లాభం పెడితే చాలు, మొత్తం సొమ్ము పెట్టనక్కర్లేదు. 46,50,000 పెడితే ఇక్కడ పన్ను సున్నా. వడ్డీ మీద మాత్రం పన్నుంది. అమెరికాలో ఈ మాఫీ చెల్లదు కాబట్టి అక్కడి లెక్క కూడా చూసుకున్నాకే ఆమె నిర్ణయించుకోవాలి.

పొలం అమ్మి మళ్లీ పొలమే కొనేవారికి 54బీ ఉంది. అమ్మకానికి ముందు రెండేళ్లు ఆ భూమిలో అమ్మినవారో వారి తల్లిదండ్రులో సాగు చేసి ఉండాలి. మన కుటుంబం 2012 నుంచి కౌలుకు ఇచ్చింది. కౌలుకిస్తే ఈ మినహాయింపు వివాదాల్లో పడుతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోకపోవడమే మేలు.

చెల్లెలు హక్కు వదులుకుంటే

మన ఇళ్లల్లో తరచుగా జరిగేది ఇది. 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం, 2005లో కేంద్ర చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చాయి. తండ్రి స్వార్జితంలో 1956 నుంచే ఉంది. అయినా అమ్మకానికి ముందు ఆడపిల్లల చేత హక్కు విడుదల దస్తావేజు రాయించుకుంటారు. అది ఉత్తినే రాస్తే అన్నకు ఇచ్చిన బహుమతి లాంటిది, చెల్లెలికి పన్ను లేదు. మొత్తం ఎకరం లాభం అన్నదవుతుంది, పన్నూ ఆయనదే. అప్పుడు ఆయన లాభం 93 లక్షలు. ఆదాయం 50 లక్షలు దాటినందుకు పన్ను మీద పది శాతం సర్‌చార్జీ కూడా పడుతుంది. విడివిడిగా అమ్మి ఉంటే ఇద్దరికీ అది లేదు.

డబ్బు తీసుకుని హక్కు వదులుకుంటే మాత్రం అది చెల్లెలు తన వాటాను అన్నకు అమ్మినట్టే. ఆమెకు ఆ సంవత్సరమే మూలధన లాభం వస్తుంది. అన్నకు ఆ సగం కొన్న భూమి అవుతుంది. అందుకు 2001 విలువ, తండ్రి కాలం వర్తించవు, చెల్లెలికి ఇచ్చిన సొమ్మే ధర, కొన్న రోజు నుంచే 24 నెలల లెక్క. ఆ లోపు అమ్మితే ఆ సగం మీది లాభం ఆయన మామూలు ఆదాయంలో కలిసిపోయి శ్లాబు రేటు పడుతుంది. పసుపు కుంకుమల కింద ఎంతో కొంత చేతిలో పెట్టి, దస్తావేజులో ఏ ప్రతిఫలమూ లేదని రాయించే ఇళ్లల్లో, తర్వాత ఆ చెల్లెలి ఖాతాలో పడిన సొమ్ముకు ఆమే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. 2025-26లో జరిగిన అమ్మకాలకు పాత చట్టమే వర్తిస్తుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఐటీఆర్-2లో, ఎవరి వాటా వారు, కొనుగోలుదారు పాన్‌తో సహా చూపించాలి. 2001 విలువ ధ్రువపత్రం, తండ్రి దస్తావేజు నకలు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్రోకరు రసీదు రిటర్నుకు జతచేయనక్కర్లేదు కానీ, శాఖ అడిగిన రోజున ఇద్దరి దగ్గరా చెరో సెట్టు ఉండాలి.